బఫర్ 100 పెడితే ఖర్చు 12,000 ఎందుకు పెరిగింది? గోదాముల మీదుగా వెళ్లే సరుకు లెక్క

ప్రశ్న: ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్నాను సార్. పాశమైలారం ఫ్యాక్టరీ నుంచి వారానికి 120 టన్నులు, మేడ్చల్ నుంచి 80 టన్నులు బయల్దేరతాయి. అంతా శంషాబాద్, ఘట్‌కేసర్ గోదాముల మీదుగానే వరంగల్ (70), విజయవాడ (80), కర్నూలు (50) డీలర్లకు వెళ్లాలి. గోదాం నుంచి గోదాంకి కూడా పంపొచ్చు. రెండు గోదాములు కదా అని 200ని సగం చేసి ఒక్కోదానికి బఫర్ 100 పెట్టాను, ఖర్చు 3,96,000 వచ్చింది. నా ఫ్రెండ్ 200 పెడితే 3,84,000. ఊరికే 1000 పెట్టి చూసినా 3,84,000. ఏది కరెక్టు? బఫర్ అంటే గోదాంలో ఉంచాల్సిన నిల్వా? టన్నుకి 150 హమాలీని వికర్ణం గడుల్లో కలపాలా? సాల్వర్ జవాబుని చేత్తో చెక్ చేసి చూపించమంటున్నారు. వైవా టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, ఘట్‌కేసర్‌లోనే కొంత సరుకు అమ్మితే టేబుల్ ఎలా మారుతుంది?

సమాధానం:

మీ ఫ్రెండ్ లెక్క కరెక్టు. మీ షీట్‌లో కూడికలు, తీసివేతలు తప్పలేదు, సాల్వర్ కూడా తప్పు చెప్పలేదు. మీరు బఫర్ అనుకుని పెట్టిన 100 అక్కడ గోదాం సామర్థ్యంగా పనిచేసింది. 'వారానికి ఒక్కో గోదాం 100 టన్నులకు మించి తీసుకోదు' అని మీకు తెలియకుండానే మోడల్‌కి చెప్పేశారు. ఆ షరతుకి ధర 12,000.

బఫర్‌కీ నిల్వకీ సంబంధం లేదు. సేఫ్టీ స్టాక్ అంటే గోదాంలో కంటికి కనిపించే సరుకు. బఫర్ కాగితం మీద ఉండే అంకె మాత్రమే, దాన్ని ఎవరూ లారీకి ఎక్కించరు. మరి అది ఎందుకు కావాలో చూద్దాం.

మీది ట్రాన్స్‌షిప్‌మెంట్ లెక్క, అంటే సరుకు మధ్యలో గోదాముల మీదుగా వెళ్లేది. మామూలు ట్రాన్స్‌పోర్టేషన్ టేబుల్‌లో ఒక ఊరు పంపేదైనా అయి ఉండాలి, తీసుకునేదైనా అయి ఉండాలి. పంపేవి అడ్డ వరుసల్లో, తీసుకునేవి నిలువు వరుసల్లో ఉంటాయి. గోదాం రెండు పనులూ చేస్తుంది కాబట్టి దాన్ని రెండుచోట్లా రాస్తాం. చిక్కేమిటంటే, అడ్డ వరుస చివర సరఫరా ఎంతో, నిలువు వరుస అడుగున గిరాకీ ఎంతో ముందే రాయాలి. శంషాబాద్ మీదుగా ఎన్ని టన్నులు వెళ్తాయన్నదే మనం కనుక్కోవాల్సింది, దాన్ని ముందే ఎలా రాస్తాం? అందుకని సరుకు ఎంత వెళ్లినా సరిపోయేంత పెద్ద అంకె ఒకటి, B, తీసుకుని రెండుచోట్లా అదే రాస్తాం. గోదాం మీదుగా నిజంగా వెళ్లింది t టన్నులైతే, మిగిలిన B − t ఆ గోదాం తనకి తానే పంపుకున్నట్టు వికర్ణం గడిలో పడుతుంది. అక్కడ రేటు సున్నా కాబట్టి ఖర్చు మారదు. లోపలికి వచ్చింది t, బయటికి వెళ్లింది t. రెండువైపులా ఒకే B ఉండడం వల్ల ఈ సమానత్వం దానంతట అదే నిలుస్తుంది. బఫర్ చేసే పని మొత్తం ఇంతే. ఈ మార్పిడిని 1956లో అలెక్స్ ఆర్డెన్ చూపించాడు, ఇవాళ తరగతుల్లో చెప్పేదీ ఈ పద్ధతే.

B ఎంత ఉండాలి? రేట్లు రుణాత్మకం కానంతవరకు ఏ టన్నూ ఒకే గోదాంకి రెండోసారి రావాల్సిన అవసరం ఉండదు. అంటే ఒక గోదాం మీదుగా ఎంత ఎక్కువ వెళ్లినా మొత్తం సరఫరాని, ఇక్కడ 200ని, మించదు. కాబట్టి B = 200 ఎప్పుడూ సరిపోతుంది. 1000 పెట్టినా జవాబు అదే, వికర్ణం గడుల్లో అంకెలు మాత్రం పెరుగుతాయి. తగ్గించడమే ప్రమాదం.

మీ రేట్లతో టేబుల్ ఇలా ఉంటుంది. రేట్లు టన్నుకి వందల రూపాయల్లో. X అంటే దారి లేదని అర్థం, ఎక్సెల్‌లో అక్కడ 999 లాంటి పెద్ద అంకె పెట్టండి.

| | శంషాబాద్ | ఘట్‌కేసర్ | వరంగల్ | విజయవాడ | కర్నూలు | సరఫరా |
|---|---|---|---|---|---|---|
| పాశమైలారం | 6 | 10 | X | X | X | 120 |
| మేడ్చల్ | 7 | 5 | X | X | X | 80 |
| శంషాబాద్ | 0 | 3 | 16 | 21 | 12 | 200 |
| ఘట్‌కేసర్ | 3 | 0 | 9 | 16 | 18 | 200 |
| గిరాకీ | 200 | 200 | 70 | 80 | 50 | 600 |

రెండువైపులా మొత్తం 600. ఫ్యాక్టరీల 200కి రెండు బఫర్లు కలిశాయి, అటు డీలర్ల 200కీ అవే రెండు కలిశాయి. మొత్తాలు కలవకపోతే బఫర్ ఒకవైపే రాసి ఉంటారు, ముందు అది చూసుకోండి.

శంషాబాద్, ఘట్‌కేసర్ మధ్య 3 అన్న రేటు తక్కువగా కనిపిస్తుంది. ఓఆర్ఆర్ మీద ఖాళీగా తిరిగొచ్చే బండికి ఇచ్చే రేటు అనుకుంటే అది నమ్మదగినదే. కానీ ప్రతివారం అలాంటి బండి దొరుకుతుందో లేదో మీ కంపెనీ డిస్పాచ్ వాళ్లని అడగండి. ఎందుకంటే మీ జవాబు మొత్తం ఆ 3 మీదే నిలబడి ఉంది.

జవాబు ఇది. పాశమైలారం తన 120నీ శంషాబాద్‌కి పంపుతుంది. మేడ్చల్ తన 80నీ ఘట్‌కేసర్‌కి పంపుతుంది. శంషాబాద్ నుంచి 50 కర్నూలుకి, 70 ఘట్‌కేసర్‌కి వెళ్తాయి. ఘట్‌కేసర్ నుంచి వరంగల్‌కి 70, విజయవాడకి 80. ఖర్చు వరుసగా 720, 400, 600, 210, 630, 1280. కలిపితే 3840 వందలు, అంటే 3,84,000. వికర్ణంలో శంషాబాద్‌కి 80, ఘట్‌కేసర్‌కి 50 మిగిలాయి. శంషాబాద్ మీదుగా 200 − 80 = 120 టన్నులు, ఘట్‌కేసర్ మీదుగా 200 − 50 = 150 టన్నులు వెళ్లాయని వాటిని చదవాలి.

ఇందులో ఒక విషయం గమనించండి. పాశమైలారం నుంచి ఘట్‌కేసర్‌కి నేరుగా దారి ఉంది, రేటు 10. అయినా ఆ సరుకు శంషాబాద్‌లో దిగి మళ్లీ ఎక్కి వెళ్తోంది, ఎందుకంటే 6 + 3 = 9. దీనివల్ల రెండు గోదాముల్లో తాకిన సరుకు మొత్తం 120 + 150 = 270 టన్నులైంది, బయల్దేరింది 200 టన్నులే అయినా. గోదాం మారిన 70 టన్నులూ రెండుసార్లు లెక్కకి వచ్చాయి.

ఇప్పుడు మీ 100 దగ్గరికి వద్దాం. రెండు గోదాములకీ 100 చొప్పున ఇస్తే మొత్తం చోటు 200. ఫ్యాక్టరీల సరుకూ 200. ప్రతి టన్నూ ఏదో ఒక గోదాంలో ఒక్కసారి తాకేసరికే చోటు అయిపోయింది. ఇక గోదాం నుంచి గోదాంకి ఒక్క టన్ను కూడా కదలడానికి వీల్లేదు. ఆ గడిలో 3 అన్న రేటు కనిపిస్తూనే ఉంటుంది కానీ దారి మూసుకుపోయింది. దాంతో పాశమైలారం 100 శంషాబాద్‌కి పంపి, మిగతా 20ని 10 రేటుతో నేరుగా ఘట్‌కేసర్‌కి పంపింది. ఘట్‌కేసర్‌కి వచ్చిన 100లో 70 వరంగల్‌కి పోగా విజయవాడకి 30 మాత్రమే మిగిలాయి. తక్కిన 50 శంషాబాద్ నుంచి 21 రేటుతో వెళ్లాయి. అదే మీ 3960.

సాల్వర్ దీన్ని తప్పుగా చూపించదు. 'సొల్యూషన్ దొరికింది' అనే చెప్తుంది, కూడికలన్నీ కలుస్తాయి. పట్టుకోవాలంటే వికర్ణం చూడాలి. మీ షీట్‌లో ఇప్పుడు చూడండి, రెండు వికర్ణం గడులూ సున్నాయే ఉంటాయి. బఫర్ అనుకుని పెట్టిన చోట వికర్ణం గడి సున్నా అయితే ఆ బఫర్ అయిపోయిందని అర్థం, జవాబుని నమ్మొద్దు. B పెంచి మళ్లీ నడపండి. ఖర్చు తగ్గితే ముందు పెట్టింది చాలలేదన్నమాట.

చేత్తో చెక్ చేయడం

తరగతిలో u, v అని రెండు రకాల అంకెలు రాయించి ఉంటారు. ట్రాన్స్‌షిప్‌మెంట్‌కి నేను ఇంకాస్త తేలిక దారి చెప్తాను. ఒక్కో ఊళ్లో సరుకుకి ఒక ధర రాయండి. శంషాబాద్‌లో 0 అనుకోండి. వాడిన ప్రతి దారిలో చేరే ఊరి ధర బయల్దేరిన ఊరి ధర కంటే సరిగ్గా రవాణా రేటంత ఎక్కువ ఉండాలి. అలా ఘట్‌కేసర్ 3, కర్నూలు 12. ఘట్‌కేసర్ నుంచి లెక్కిస్తే వరంగల్ 12, విజయవాడ 19. వెనక్కి వెళ్తే పాశమైలారం −6, మేడ్చల్ −2.

ఇక వాడని దారులు. వాటిలో ధరల తేడా రేటు కంటే ఎక్కువ ఉండకూడదు, ఉంటే ఆ దారిలో పంపితే లాభమని అర్థం. పాశమైలారం నుంచి ఘట్‌కేసర్‌కి తేడా 9, రేటు 10, కాబట్టి టన్నుకి 1 నష్టం. మేడ్చల్ నుంచి శంషాబాద్‌కి తేడా 2, రేటు 7. శంషాబాద్ నుంచి వరంగల్‌కి 12కి 16, విజయవాడకి 19కి 21. ఘట్‌కేసర్ నుంచి కర్నూలుకి 9కి 18. ఘట్‌కేసర్ నుంచి శంషాబాద్‌కి తేడా −3, రేటు 3. ఒక్క దారిలోనూ లాభం లేదు, పైగా ఎక్కడా సమానం కూడా కాలేదు. అంటే ఇదే ఉత్తమం, ఇంకో ప్రత్యామ్నాయ జవాబు కూడా లేదు. వైవాలో ఈ ఆరు పోలికలు బోర్డు మీద రాస్తే చాలు. నిండిన గడులు వికర్ణంతో కలిపి 8, అంటే 4 + 5 − 1, కాబట్టి డీజెనరసీ గొడవ కూడా లేదు.

గోదాంకి అడ్డ వరుసలో ఒకటి, నిలువు వరుసలో ఒకటి రాయకుండా ఒకే ధర ఎందుకు సరిపోయిందని అడిగితే, వికర్ణం గడి నిండి ఉంది, అక్కడి రేటు సున్నా, కాబట్టి u + v = 0 అని చెప్పండి. గోదాంలో దిగిన ధరకే సరుకు బయటికి వెళ్తోంది.

మొదటి జవాబు కూడా చేత్తోనే మొదలుపెట్టమంటే ఒక జాగ్రత్త. లీస్ట్ కాస్ట్ పద్ధతి పట్టుకుంటే ముందు కనిపించేవి వికర్ణంలోని సున్నాలే. రెండింటిలో 200 చొప్పున నింపేస్తే గోదాముల వరుసలన్నీ మూసుకుపోయి, ఫ్యాక్టరీలకి X గడులు తప్ప ఏమీ మిగలవు. సరుకు ఎక్కడికీ కదలలేదని దాని అర్థం. అక్కడి నుంచి కూడా ఉత్తమానికి చేరొచ్చు గానీ మధ్యలో ప్రాణం విసిగిపోతుంది. దానికంటే మీకు తెలిసిన మామూలు దారుల్లో సరుకు పంపేసి, ఒక్కో గోదాంకి ఎంత చేరిందో చూసి, వికర్ణంలో 200లోంచి దాన్ని తీసేసి రాయండి.

సామర్థ్యం నిజంగానే ఉంటే

మీరు పొరపాటున చేసిన పనే ఇంకోచోట సరైన పని. ఘట్‌కేసర్ గోదాం వారానికి 120 టన్నులే తీసుకోగలదనుకోండి. అప్పుడు దాని అడ్డ వరుసలో, నిలువు వరుసలో రెండుచోట్లా 120 రాయండి, శంషాబాద్‌కి 200 అలాగే ఉంచండి. రెండువైపులా మొత్తం 520 అవుతుంది. ఒక్కో గోదాంకి ఒక్కో B ఉండొచ్చు, అన్నీ సమానంగా ఉండాలన్న నియమం ఏదీ లేదు.

ఇప్పుడు ఘట్‌కేసర్ మీదుగా వెళ్లే 150లో 30 తగ్గాలి. ఆ 30 శంషాబాద్ నుంచి నేరుగా విజయవాడకి వెళ్తాయి. ఘట్‌కేసర్ మీదుగా 3 + 16 = 19 అయ్యేది 21 అవుతుంది, టన్నుకి 2 ఎక్కువ. మొత్తం 3900, అంటే 3,90,000. ఘట్‌కేసర్ వికర్ణం గడి సున్నా. ఈసారి ఆ సున్నా తప్పు కాదు, గోదాం నిండిందన్న సమాచారం.

ధరలు మళ్లీ రాస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. శంషాబాద్ 0, విజయవాడ 21. విజయవాడ నుంచి వెనక్కి లెక్కిస్తే ఘట్‌కేసర్‌లో బయల్దేరే సరుకు ధర 5. శంషాబాద్ నుంచి లెక్కిస్తే అక్కడ దిగే సరుకు ధర 3. ఒకే గోదాంకి రెండు ధరలు వచ్చాయి, వికర్ణం ఖాళీ అయింది కాబట్టి వాటిని కలిపి ఉంచేది లేదు. మధ్యలో ఉన్న 2, అంటే టన్నుకి 200 రూపాయలు, ఘట్‌కేసర్‌లో ఇంకో టన్నుకి చోటు దొరికితే మిగిలే డబ్బు. పక్క షెడ్డు అద్దెకి తీసుకోవాలా అని మేనేజర్ అడిగితే ఇదే జవాబు. వారానికి టన్నుకి 200 కంటే తక్కువ పడితే తీసుకోవచ్చు, కానీ 30 టన్నుల వరకే. ఆ తర్వాత వచ్చే చోటుకి ఈ లెక్కలో విలువ సున్నా.

హమాలీ

వికర్ణంలో కలపకండి. వికర్ణం గడిలో ఉండేది గోదాం మీదుగా వెళ్లని సరుకు. అక్కడ 1.5 రాస్తే కదలని కాగితం టన్నులకి కూలీ ఇస్తున్నట్టు. అంతకంటే చెడ్డ సంగతి, ఆ ఖర్చు తగ్గించుకోవడానికి మోడల్ గోదాముల మీదుగా ఇంకా ఎక్కువ సరుకు తిప్పాలని చూస్తుంది. మీ టేబుల్‌లో ఆ అంకె 3 దాటితే సరుకు శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్‌కి, అక్కడి నుంచి మళ్లీ శంషాబాద్‌కి ఊరికే చక్కర్లు కొడుతుంది. పోను రాను 6 ఖర్చయినా రెండు గోదాముల్లో కలిపి 6 కంటే ఎక్కువ 'మిగులుతుంది' కాబట్టి.

సరైన చోటు గోదాం అడ్డ వరుసలో వికర్ణం కాని గడులు. శంషాబాద్ వరుస 0, 4.5, 17.5, 22.5, 13.5 అవుతుంది. ఘట్‌కేసర్ వరుస 4.5, 0, 10.5, 17.5, 19.5. దించి మళ్లీ ఎక్కించడానికి కలిపి టన్నుకి 150 అనుకుని రాశాను. దించడానికి, ఎక్కించడానికి విడివిడిగా 150 ఇస్తుంటే 3 కలపాలి, మేస్త్రీని అడిగి తేల్చుకోండి.

ఇలా కలిపితే మీ జవాబు తలకిందులవుతుంది. పాశమైలారం నుంచి శంషాబాద్ మీదుగా ఘట్‌కేసర్ చేరడానికి ఇప్పుడు 6 + 4.5 = 10.5. నేరుగా 10. కాబట్టి ఆ 70 టన్నులూ నేరుగా ఘట్‌కేసర్‌కే వెళ్తాయి, గోదాం మార్పిడి మాయమవుతుంది. మొత్తం 4210. పాత పథకాన్నే పట్టుకుంటే 270 టన్నులకి హమాలీ పడి 3840 + 405 = 4245 అయ్యేది. హమాలీ టన్నుకి 100 దగ్గర రెండు దారులూ సమానం. అది దాటితే నేరుగా పంపడమే చవక. నిజానికి సరుకుని ఒకసారి అదనంగా దించి ఎక్కిస్తే పగిలేవి, తడిసేవి కూడా ఉంటాయి, వాటిని ఈ లెక్కలోకి నేను తేలేదు. నా మాట వింటే ప్రాజెక్టులో హమాలీ లేని టేబుల్ పెట్టకండి. ట్రాన్స్‌షిప్‌మెంట్‌లో తేడాలన్నీ ఇలా ఒకటి, అర దగ్గరే ఉంటాయి, ఆ చిన్న ఖర్చే దారి మార్చేస్తుంది.

ఘట్‌కేసర్‌లోనే అమ్మకం

వరంగల్ 70లో 20 టన్నులు ఘట్‌కేసర్ గోదాం దగ్గరే డీలర్లు తీసుకెళ్తారనుకుందాం. వరంగల్ గిరాకీ 50 అవుతుంది. ఘట్‌కేసర్ నిలువు వరుస కింద B + 20, అంటే 220 రాయండి. దాని అడ్డ వరుస చివర 200 అలాగే ఉంటుంది, ఎందుకంటే అక్కడ అమ్మిన 20 బయటికి వెళ్లదు. మొత్తం మళ్లీ 600కి 600. హమాలీ లేని మొదటి రేట్లతో ఖర్చు 20 × 9 = 180 తగ్గి 3660 వస్తుంది. వికర్ణం 50 నుంచి 70 అవుతుంది. ఇక్కడ చదవడంలో తేడా ఉంది: ఘట్‌కేసర్‌లోకి వచ్చింది 220 − 70 = 150, బయటికి వెళ్లింది 200 − 70 = 130. ఆ రెండింటికీ మధ్య 20 తేడా రాకపోతే అమ్మకాన్ని తప్పు వైపు కలిపారన్నమాట.